ఏడు మాత్రల జపనీస్

"ఒబెంతో, అతతమెమస్ క?"

జపాన్‌లో ఏ కొంబినికి వెళ్ళినా, భోజనం డబ్బా తీసి కౌంటర్ మీద పెట్టగానే వినిపించే ప్రశ్న ఇది. కొంబిని అంటే రాత్రీ పగలూ తెరిచి ఉండే చిన్న దుకాణం. అక్కడి మనిషి అడుగుతున్నది "భోజనం వేడి చెయ్యమంటారా?" అని. ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. 'బెంతో' అంటే డబ్బా భోజనం. 'అతతమెరు' అంటే వేడి చేయడం. చివర ఉన్న 'క' మన వాక్యం చివరి 'ఆ' లాగా ప్రశ్నను సూచిస్తుంది. ఇంట్లో కూర్చుని పుస్తకాలతో సొంతంగా జపనీస్ నేర్చుకున్నవారికి కూడా ఈ వాక్యం కాగితం మీద చూపిస్తే చటుక్కున అర్థం చెప్పేస్తారు. కౌంటర్ దగ్గర మాత్రం అదే వాక్యం ఒక్క ఊపిరిలో జారిపోతుంది. ఏమన్నారో పోల్చుకునేలోపే రెండో ప్రశ్న వచ్చి మీద పడుతుంది.

మాటలు తెలిసినా చెవికి అందకపోవడానికి ఒక కారణం వేగం. ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా పెలెగ్రినో బృందం 2011లో ప్రకటించిన పరిశోధనలో కొన్ని భాషల వేగాన్ని కొలిచారు. ఇంగ్లిష్ మాట్లాడేవారు సెకనుకు సగటున 6.19 అక్షరాలు పలికితే, జపనీస్ మాట్లాడేవారు 7.84 పలికారు. కొలిచిన భాషలన్నిటిలోకీ అదే ఎక్కువ. అంత వేగంలో ఒక్కో మాటనూ తెలుగులోకో ఇంగ్లిష్‌లోకో మార్చుకుంటూ వినడం కుదరదు. ఇంకో కారణం కాలాన్ని లెక్కపెట్టే తీరు. జపనీస్‌కు తనదైన తాళం ఉంది. ఆ తాళం చెవికెక్కకపోతే ఎన్ని మాటలు బట్టీపట్టినా వినికిడి మెరుగుపడదు. సొంతంగా నేర్చుకునేవారు ఈ తాళాన్ని పట్టుకోవడానికి ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్న సాధన పేరు షాడోయింగ్. షాడో అంటే నీడ. వినిపిస్తున్న గొంతును నీడలా వెంబడిస్తూ, ఆగకుండా తానూ పలకడమే ఈ సాధన.

వినగానే ఇది మన వల్లెవేతలా అనిపిస్తుంది కానీ రెండూ ఒకటి కావు. వల్లెవేతలో గురువు చెప్పి ఆగుతాడు, ఆ ఖాళీలో శిష్యుడు అందుకుంటాడు. ఆ ఖాళీలో మనసు తన పని తాను చేసుకుంటుంది. విన్నదాన్ని గుర్తు తెచ్చుకుంటుంది, అక్షరాలుగా ఊహించుకుంటుంది, చివరికి తన సొంత యాసలో తిరిగి చెబుతుంది. షాడోయింగ్‌లో ఖాళీ ఉండదు. దీనికి దగ్గరి పోలిక కర్ణాటక సంగీత కచేరీలో వయొలిన్. గాయకుడు రాగాలాపన చేస్తుంటే వయొలిన్ విద్వాంసుడు ఆయన ఆగేదాకా ఎదురుచూడడు. అరక్షణం వెనకగా అదే గమకాన్ని అందుకుంటూ వెళతాడు. చేతులు ఇప్పటి స్వరం మీద ఉంటే చెవి తరవాతి స్వరం మీద ఉంటుంది. షాడోయింగ్ చేసేవారి నోరు, చెవి కూడా సరిగ్గా ఇలాగే పనిచేయాలి.

ఈ పద్ధతి భాషా బోధకుల దగ్గర పుట్టలేదు. బ్రిటిష్ శాస్త్రవేత్త కొలిన్ చెర్రీ 1953లో మనిషి అవధానం మీద కొన్ని ప్రయోగాలను ప్రచురించారు. వినేవారి రెండు చెవుల్లో రెండు వేర్వేరు ప్రసంగాలు వినిపించి, ఒక చెవిలోదాన్ని వింటూనే పైకి పలకమన్నారు. వారు ఆ పని చేయగలిగారు కానీ రెండో చెవిలో ఏం వినిపించిందో చెప్పలేకపోయారు. అక్కడి ప్రసంగం మధ్యలో ఇంగ్లిష్ నుంచి జర్మన్‌కు మారినా గమనించలేదు. వెంటపడి పలకడం అవధానాన్ని అంతగా లాగేసుకుంటుందన్నమాట. భాష నేర్చుకునేవారికి పనికొచ్చే గుణం ఇదే. అనువాదం చేసుకోవడానికి మనసులో చోటు మిగలదు కాబట్టి చెవి విధిలేక శబ్దాన్ని శబ్దంగానే వింటుంది. మరి అర్థం బొత్తిగా పోతుందా అంటే, పోనక్కర్లేదు. విలియం మార్స్లెన్ విల్సన్ 1973లో కొందరు తమ మాతృభాషను పావు సెకను ఆలస్యంతోనే వెంబడించగలరని చూపించారు. వారు పొరపాటున ఒక మాట మార్చి పలికినా ఆ మాట వాక్యానికి అతికేదిగానే ఉండేది. అంటే అంత తక్కువ వ్యవధిలోనూ అర్థం నడుస్తూనే ఉంది.

ఏకకాల అనువాదకుల శిక్షణలో షాడోయింగ్‌ను చాలాకాలంగా వాడుతున్నారు. జపాన్‌లో ఇంగ్లిష్ బోధించేవారు దాన్ని అందుకున్నాక కెన్ తమాయి, షుహే కదొతా వంటి పరిశోధకులు పద్ధతిగా అధ్యయనం చేశారు. తరవాత జపనీస్ నేర్చుకునే విదేశీయులకు కూడా పుస్తకాలు వచ్చాయి. కురోషియో ప్రచురణ సంస్థ 2006లో తెచ్చిన షాడోయింగ్ పుస్తకం వాటిలో బాగా ప్రచారం పొందింది. అందులో నిజజీవితంలో వినిపించే చిన్న చిన్న సంభాషణలు ఆడియోతో ఉంటాయి.

ఇక తాళం సంగతి. జపనీస్‌లో మాట పొడవును 'హకు'లతో కొలుస్తారు. హకు అంటే దెబ్బ, తాళంలో ఒక వేటు. ప్రతి హకూ దాదాపు ఒకే కాలం తీసుకుంటుంది. హైకూ పద్యంలో 5, 7, 5 అని లెక్కపెట్టేది వీటినే. హ్రస్వాక్షరానికి ఒక హకు, దీర్ఘానికి రెండు. 'న్' అనే పొల్లు కూడా తనంతట తాను ఒక హకు. ద్విత్వం ముందు వచ్చే చిన్న నిలుపుదల మరో హకు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారికి ఈ లెక్క కొత్త. వారి భాషలో బలంగా ఒత్తిన అక్షరం సాగుతుంది, ఒత్తనిది నలిగిపోతుంది.

తెలుగువారికి మాత్రం ఈ లెక్క ఎప్పుడో బడిలోనే పరిచయం. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. దీర్ఘం గురువు, సున్న ఉన్న అక్షరం గురువు, ద్విత్వానికి ముందున్న అక్షరం గురువు. జపనీస్ హకు లెక్క చాలావరకు ఇదే! 'కితె' అంటే రమ్మని, రెండు మాత్రలు. 'కిత్తె' అంటే తపాలా బిళ్ళ, మూడు మాత్రలు. 'ఒబసన్' అంటే పిన్ని వయసు ఆడమనిషి, 'ఒబాసన్' అంటే అమ్మమ్మ. మధ్యలో తేడా ఒక్క మాత్ర. నలభై ఏళ్ళావిడను పిలిచేటప్పుడు ఆ ఒక్క మాత్ర ఎక్కువైతే ఆమె ముఖంలోనే తెలిసిపోతుంది.

అలాగని తెలుగు నోటికి జపనీస్ తేలికగా పట్టుబడుతుందని కాదు. మనం వాడే జపనీస్ మాటలు మన దగ్గరికి ఇంగ్లిష్ మీదుగా వచ్చాయి. వీధిలో రోజూ కనిపించే మోటార్‌సైకిల్ పేరునే చూడండి. మనం 'కవాసాకీ' అంటాం. జపాన్‌లో అది 'కవసకి'. నాలుగూ లఘువులు, నాలుగు మాత్రలు. మన పలుకుబడిలో ఏడు మాత్రలయ్యాయి. 'ఒసాకా' నగరం నిజానికి 'ఓసక'. మొదటి అక్షరమే దీర్ఘం, మిగిలిన రెండూ హ్రస్వాలు. లెక్క తెలిసీ తప్పు పలకడం అంటే ఇదే. పుస్తకం చదివి ఈ అలవాటు పోగొట్టుకోవడం చాలా కష్టం. ఒక జపాన్ గొంతు వెంటపడి పలికినప్పుడు మాత్రం మన 'కవాసాకీ' పూర్తయ్యేసరికి ఆ గొంతు మూడు మాత్రలు ముందుకు వెళ్ళిపోతుంది, తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది. తాళం తప్పినవారిని వెనక వదిలేయడమే షాడోయింగ్ చేసే దిద్దుబాటు.

ఒక ఉదాహరణను మొదటినుంచి చివరిదాకా నడిపిద్దాం. విజయవాడలో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు సొంతంగా జపనీస్ చదువుకుంటున్న ముప్పై అయిదేళ్ళ మహిళను ఊహించుకోండి. ప్రాథమిక వ్యాకరణం అయింది, ఏడెనిమిది వందల మాటలు వచ్చు. రోజుకు పావుగంట కేటాయించగలదు. ఆమె ముందు ఉన్నది కొంబిని కౌంటర్ దగ్గర జరిగే ఇరవై సెకన్ల సంభాషణ.

లోపలికి రాగానే దుకాణం మనిషి "ఇరష్షైమసె" అంటుంది, రండి రండి అని. తరవాత "ఒబెంతో, అతతమెమసు క?" కొనేవారు "హై, ఒనెగైషిమసు" అంటారు, అవును, చేసిపెట్టండి అని. "ఒహషి వ ఒత్సుకెషిమసు క?" చాప్‌స్టిక్స్ పెట్టమంటారా? మళ్ళీ "ఒనెగైషిమసు." చివరగా "ఫుకురొ వ గొరియో దెసు క?" సంచీ కావాలా? 2020 జులై 1 నుంచి జపాన్ దుకాణాల్లో ప్లాస్టిక్ సంచులకు డబ్బు తీసుకోవడం తప్పనిసరి అయింది. అప్పటి నుంచి ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. దానికి జవాబు "దైజోబు దెసు." మాటకు మాట అర్థం చెబితే 'పర్వాలేదు' అని, ఇక్కడి ఉద్దేశం 'వద్దు' అని. మనం కూడా వడ్డించబోయేవారిని "పర్వాలేదండీ" అంటూ ఆపుతాం కదా, అచ్చంగా అలాగే.

వీటిని మాత్రలతో లెక్కపెడితే ఒక ముచ్చటైన సంగతి బయటపడుతుంది. 'ఇరష్షైమసె' ఏడు మాత్రలు. 'అతతమెమసు క' ఏడు. 'ఒనెగైషిమసు' ఏడు. 'ఒత్సుకెషిమసు క' ఏడు. 'గొరియో దెసు క' ఏడు, 'దైజోబు దెసు' కూడా ఏడే. ఒబెంతోకు అయిదు కలిపితే భోజనం వేడి చేయమంటారా అన్న ప్రశ్న అయిదూ ఏడుగా, హైకూ తునకలా విరుగుతుంది. ఆరు వేర్వేరు పదబంధాలకు ఒకే పొడవు ఉండటం సాధనకు గొప్ప సౌకర్యం. ఒక దానికి తాళం కుదిరితే మిగతావాటికి అదే కొలబద్ద అవుతుంది.

మొదటి రోజు ఆమె రాతప్రతి చూడదు. నాలుగైదుసార్లు విని, వినిపించింది వినిపించినట్టు తెలుగు లిపిలో రాసుకుంటుంది. తరవాతే రాతప్రతి తెరుస్తుంది. 'ఒత్సుకెషిమసు క' అని ఉన్నచోట ఆమె 'ఒస్కెషిమస్క' అని రాసుకుంది. 'ఫుకురొ' దగ్గర 'ప్కురొ' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుంది. ఇవి ఆమె చెవి లోపాలు కావు. జపనీస్‌లో క, త, స, హ లాంటి శ్వాస హల్లుల మధ్య ఇరుక్కున్న ఇ, ఉ అచ్చుల్లో గొంతు మోగదు. ఊపిరి మాత్రమే మిగులుతుంది. 'దెసు', 'మసు' వాక్యం చివర దాదాపు 'దెస్', 'మస్' అయ్యేదీ ఇందువల్లే. అయితే గొంతు మాయమైనా కాలం మాయం కాదు. గుసగుసగా మారిన 'సు' తన మాత్రను తాను తీసుకుంటుంది. పుస్తకంతో నేర్చుకున్నవారు ఇక్కడ రెండు విధాలుగా తప్పుతారు. కొందరు 'మసూ' అని అచ్చును గట్టిగా మోగిస్తారు. ఇంకొందరు 'మస్' అని వినగానే దాని మాత్రను కూడా మింగేసి తరవాతి మాటలోకి దూకేస్తారు. మన లెక్కలో పొల్లు 'స్' ముందున్న 'మ'ను గురువు చేస్తుంది కాబట్టి 'మస్‌క' అన్నా మూడు మాత్రలే. ఆ 'మ' మీద అరక్షణం నిలవాలన్నది గుర్తుంటే చాలు.

మొదటి రోజే అర్థం మొత్తం తేల్చుకోవడం అవసరం. తెలియని మాటలు నిండుగా ఉన్న ఆడియోను వెంబడిస్తే అది చిలకపలుకే అవుతుంది. పదిమాటల్లో తొమ్మిది ముందే తెలిసిన సంభాషణను ఎంచుకోవాలి. చదివితే చాలా తేలిక అనిపించేదే షాడోయింగ్‌కు సరిపోతుంది. ఈ మాట చాలామంది పట్టించుకోరు. పరీక్షలో పై స్థాయి దాటినవారు కూడా ఆ స్థాయి వార్తలే తీసుకుని, నాలుగు రోజులకే విసిగి వదిలేస్తారు.

రెండో రోజు గొణుగుడు. ఆడియో పెద్దగా పెట్టుకుని దాని కింద సన్నగా పెదవులు కదుపుతూ పలకాలి. స్పష్టత అక్కర్లేదు, సమయం తప్పకపోతే చాలు. ఆ తరవాత రాతప్రతి చూస్తూ ఆ గొంతుతో పాటే చదవాలి. ఇంకా ఇది షాడోయింగ్ కాదు, దానికి సన్నాహం. ఆమె ఏడు మాత్రలను వేళ్ళతో బల్ల మీద కొట్టుకుంటూ చదివింది. 'దైజోబు దెసు' దగ్గర ఆమె పదం అయిపోయాక ఒక దెబ్బ మిగిలిపోయింది. 'జో' దీర్ఘాన్ని తాను 'జొ' చేస్తున్నట్టు అప్పుడు తెలిసింది. వినేటప్పుడు ఆ తేడా అసలు వినిపించలేదు.

మూడో రోజు మాటలు లేవు, రాగమే. 'తానన' అనో 'నననా' అనో వాక్యం ఎత్తుపల్లాలను మాత్రమే వెంబడించాలి. ఇది వింతగా కనిపించినా జపనీస్‌కు చాలా అవసరం. ఆ భాషలో అక్షరాలను ఒత్తి పలకరు, స్వరం పైకీ కిందకీ నడుస్తుంది. టోక్యో పలుకుబడిలో 'హషి' అనేటప్పుడు 'హ' ఎత్తులో ఉండి 'షి' కిందకి దిగితే తినే పుల్లలు. 'హ' కింద ఉండి 'షి' పైకి లేస్తే వంతెన. ఓసక వైపు వెళితే ఇది తారుమారు అవుతుంది. పుల్లలు పైకి లేస్తాయి, వంతెన కిందకి దిగుతుంది. కాబట్టి మొదట్లో ఒకే ప్రాంతపు గొంతును అనుసరించడం మంచిది. ఎత్తుపల్లాలు చెవికి అందకపోతే కంటితో చూడవచ్చు. టోక్యో విశ్వవిద్యాలయం పరిశోధకులు తయారుచేసిన OJAD అనే ఉచిత నిఘంటువులో వాక్యం పెడితే దాని స్వరం ఎక్కడ పడుతుందో గీత గీసి చూపిస్తుంది.

నాలుగో రోజు అసలు షాడోయింగ్. రాతప్రతి మూసేయాలి. ఆడియో ఒక చెవిలో ఉంచుకుంటే రెండో చెవితో తన గొంతు తనకు వినిపిస్తుంది. ఆలస్యం అర సెకను నుంచి ఒక సెకను దాకా ఉండవచ్చు, అంటే సుమారు నాలుగు నుంచి ఎనిమిది మాత్రలు వెనక. 'అతతమె' వినిపిస్తుండగా నోరు 'ఒబెంతో' చివర ఉంటుంది. మొదటిసారి ఎవరైనా మధ్యలో చతికిలపడతారు. అప్పుడు ఆడియో ఆపకూడదు, పోయిన మాటను వదిలేసి తరవాతి మాటను అందుకోవాలి. నిజమైన కౌంటర్ దగ్గర కూడా ఎవరూ మనకోసం వెనక్కి తిప్పి వినిపించరు. ఆమె ఆ రోజు పన్నెండుసార్లు చేసింది. ఏడెనిమిదోసారికి 'ఒత్సుకెషిమసు క' తడబడకుండా వచ్చింది.

కొందరు నాలుగో రోజుకల్లా ఒక్క పొరపాటూ లేకుండా చెప్పేస్తారు. అక్కడ ఒక అనుమానం రావాలి. నోరు ఆడియోతో సమానంగా, కొన్నిచోట్ల దానికన్నా ముందే పలుకుతుంటే అది షాడోయింగ్ కాదు, కంఠస్థం అయిపోయిన పాఠాన్ని అప్పజెప్పడం. చెవి పని మానేసింది. దీనికి మందు, అదే సంభాషణను మరో గొంతులో వినడమో, ఆలస్యాన్ని కావాలని ఒక సెకనుకు పెంచడమో.

అయిదో రోజు రికార్డింగ్. ఆడియో ఇయర్‌ఫోన్‌లోనే ఉండాలి, ఫోన్‌లో ఆమె గొంతు మాత్రమే పడాలి. షాడోయింగ్ చేస్తున్నప్పుడు తన తప్పు తనకు సరిగా వినిపించదు. ఎముకల గుండా వచ్చే సొంత గొంతు, చెవిలోని అసలు గొంతు కలిసిపోయి అంతా సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఎన్నో నెలలు సాధన చేసినవారు తమ మొదటి రికార్డింగ్ విని నిరాశపడేది ఇందుకే. రికార్డింగ్ లేని షాడోయింగ్ సగం షాడోయింగే. రెండు శబ్దాలనూ ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని కింద ఒకటి పెడితే ప్రతి పదబంధం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కంటికే కనిపిస్తుంది. వేగం తేడా పెద్ద సమస్య కాదు. పదబంధంలో ఏ ముక్క కుదించుకుపోయిందో, ఏది సాగిందో చూసుకోవాలి.

ఆమె రికార్డింగ్‌లో మూడు దోషాలు దొరికాయి. తెలుగువారి రికార్డింగుల్లో ఇవి తరచుగా వినిపించేవే. 'ఒనెగైషిమసు' ఆమె నోట 'వొనెగైషిమసు' అయింది. ఒకడును వొకడు, ఎక్కడను యెక్కడ అనే మన అలవాటు అది. స్టేషన్ అనే అర్థం గల 'ఎకి' అలాగే 'యెకి' అయిపోతుంది. 'గొరియో'ను ఆమె తొందరలో 'గొర్యో' అనేసింది. జపనీస్‌లో 'రియో' రెండు ముక్కలు, 'ర్యో' ఒకటి. 'బియోఇన్' అంటే అందాల పార్లర్, 'బ్యోఇన్' అంటే ఆసుపత్రి. మొదటిదానికి అయిదు మాత్రలు, రెండోదానికి నాలుగు. టాక్సీ డ్రైవరుకు చెప్పేటప్పుడు గుర్తుంచుకోవలసిన తేడా. మూడోది దుకాణాల్లో ఎంతోసార్లు వినిపించే 'ఒక్యకుసన్' అన్న మాటను ఆమె సాధన చివర సొంతంగా కలుపుకున్నప్పుడు బయటపడింది. దాని అర్థం వచ్చిన మనిషి, ఖాతాదారు అని. ఇక్కడే మన ఛందస్సు మోసం చేస్తుంది. తెలుగు లెక్కలో 'క్య' సంయుక్తం కనుక ముందున్న 'ఒ' గురువైపోతుంది. నోరు తెలియకుండానే 'ఒక్‌క్య' అని నిలుస్తుంది. జపనీస్‌లో 'క్య' ఒకే మాత్ర, దాని ముందు నిలుపుదల లేదు. 'ఒ' లఘువే. మొత్తం అయిదు మాత్రల మాట మన నోట ఆరవుతుంది. తెలుగు మాత్రల లెక్క జపనీస్‌లో చెల్లని చోట్లలో ముఖ్యమైనది ఇది. క్య, ర్యో, బ్యో, హ్య లాంటివి ఎదురైనప్పుడల్లా ముందున్న అక్షరాన్ని ఒత్తకుండా దాటాలి.

అయితే తెలుగు నోటికి కొన్ని వరాలు కూడా ఉన్నాయి. ఎ, ఏ, ఒ, ఓ తేడాలు మనకు పుట్టుకతో వచ్చినవి. హిందీ మాట్లాడేవారికి అవి విడిగా నేర్చుకోవాల్సినవి. 'త్సు' అనే శబ్దం దగ్గర చాలా దేశాల విద్యార్థులు తంటాలు పడతారు. చాప, చుక్క అనేటప్పుడు తెలుగు నాలుక పళ్ళ దగ్గర చేసేది దాదాపు అదే శబ్దం. పాత పుస్తకాల్లో చ మీద గుర్తు పెట్టి చూపించిన దంత్య చకారం అది.

ఆరో రోజు ఆమె సంభాషణ మొత్తం చేయలేదు. 'గొరియో దెసు క', 'దైజోబు దెసు' రెండే తీసుకుని ఒక్కోటి ఇరవైసార్లు వెంబడించింది. ఆడియోను నెమ్మది చేసుకోవడం అనే సదుపాయాన్ని ఇక్కడ పొదుపుగా వాడాలి. యంత్రం నెమ్మదించిన మాటలో అన్నీ ఒకేలా సాగుతాయి. గుసగుస అచ్చులు, ద్విత్వపు నిలుపుదలలు అసహజంగా వినిపిస్తాయి. ఏ శబ్దం ఉందో పట్టుకోవడానికి ఒకటి రెండుసార్లు నెమ్మదిగా వినొచ్చు, సాధన మాత్రం అసలు వేగంలోనే చేయాలి. అది అందకపోతే ఇంకా తేలికైన సంభాషణకు వెళ్ళడమే సరైన దారి.

అమెరికన్ బహుభాషావేత్త అలెగ్జాండర్ ఆర్గ్వెల్లెస్ షాడోయింగ్‌ను ఆరుబయట, నిటారుగా, చురుగ్గా నడుస్తూ, గొంతెత్తి చేయమంటారు. నడకతో నిద్రమత్తు పోతుంది, గొంతు తెరుచుకుంటుంది. కానీ మాత్రలు ఇంకా కుదరని దశలో అడుగుల తాళం, వాక్యపు తాళం ఒకదానితో ఒకటి కలబడతాయి. మొదట కూర్చుని దోషాలు తేల్చుకుని, కుదిరిన సంభాషణలను నడకలో చేసుకోవడం మేలు.

ఎవరి గొంతును ఎంచుకోవాలన్నది చిన్న విషయం కాదు. నీడ ఎవరిదైతే నడక వారిదవుతుంది. జపనీస్‌లో ఆడవారి మాటతీరు, మగవారి మాటతీరు, మర్యాద స్థాయులు వేరువేరుగా ఉంటాయి. కార్టూన్ సినిమాల్లోని వీరుల మాటలను ఏడాదిపాటు వెంబడించినవారు ఆఫీసులో పై అధికారితో కూడా తెలియకుండానే ఆ దురుసుతనంతోనే మాట్లాడతారు. ఉచితంగా, భద్రంగా మొదలుపెట్టాలనుకునేవారికి జపాన్ ఫౌండేషన్ వారి 'ఇరొదొరి' పాఠ్యపుస్తకం ఉంది. రోజువారీ జీవితపు సంభాషణలు ఆడియోతోనూ రాతప్రతితోనూ దొరుకుతాయి. పై కొంబిని సంభాషణలో ఒక ప్రత్యేకత గమనించాలి. దుకాణం మనిషి వాడే అతిమర్యాద మాటలు వినడానికి, కొనేవారి మాటలు పలకడానికి. రెండింటినీ వెంబడించవచ్చు కానీ బయటికి వెళ్ళినప్పుడు 'ఒత్సుకెషిమసు క' అనేది మనం అడిగే మాట కాదు.

ఇంతకీ ఇది ఎంతవరకు పనిచేస్తుంది? అకిత విశ్వవిద్యాలయానికి చెందిన యో హమద 2016లో ప్రచురించిన అధ్యయనంలో షాడోయింగ్ చేసినవారికి శబ్దాలను గుర్తుపట్టే శక్తి అన్ని స్థాయుల్లోనూ పెరిగింది. విన్నదాన్ని అర్థం చేసుకునే శక్తి మాత్రం తక్కువ స్థాయివారిలోనే మెరుగుపడింది. ఆ విద్యార్థులు ఇంగ్లిష్ నేర్చుకుంటున్న జపనీయులు. ఆ ఫలితాన్ని జపనీస్ నేర్చుకునేవారికి యథాతథంగా అంటగట్టలేం కానీ, దాని పోకడ సాధకుల అనుభవంతో సరిపోలుతుంది. మాట చెవికి అందనిదే అడ్డంకి అయినవారికి షాడోయింగ్ ఆ అడ్డంకిని తీస్తుంది. మాటలే తెలియకపోవడం అడ్డంకి అయితే ఇది కొత్త మాటలు నేర్పదు. సొంతంగా వాక్యం కట్టడం కూడా నేర్పదు. జపనీస్ సామర్థ్య పరీక్ష జెఎల్‌పిటిలో మాట్లాడే విభాగమే లేదు. వినే విభాగంలో 60కి కనీసం 19 రాకపోతే మొత్తం మార్కులు ఎన్ని వచ్చినా ఉత్తీర్ణత లేదు. ఆ పరీక్ష కోసం చదివేవారికి షాడోయింగ్ మొదట ఉపయోగపడేది ఈ విభాగంలోనే.

ఏడో రోజు ఆమె కొనేవారి మాటలు వచ్చినప్పుడు ఆడియో శబ్దం తగ్గించి, ఆ చోట తానే జవాబు చెప్పింది. సంచీ అడిగితే 'దైజోబు దెసు', ఈసారి బల్ల మీద దెబ్బ మిగల్లేదు. తరవాత ఎప్పుడూ సాధన చేయని మరో దుకాణం సంభాషణ పెట్టుకుని విన్నది. అందులో ఒక కొత్త ప్రశ్న వచ్చింది: "పొఇంతొ కాదొ వ ఒమొచి దెస్ క?" పాయింట్ కార్డు ఉందా అని. మొదటి ముక్క ఇంగ్లిష్ మాటల జపాన్ రూపం కనుక సగం సగం అందింది. చివరి 'ఒమొచి దెస్ క' మాత్రం ముక్క ముక్కగా విడివడి వినిపించింది. వేళ్ళు వాటంతటవే బల్ల మీద ఆరు దెబ్బలు కొట్టాయి. మోయడం, దగ్గర ఉంచుకోవడం అనే అర్థం గల 'మొత్సు' మాట ఆమెకు పుస్తకంలో ఎప్పటినుంచో తెలుసు. దాన్ని ఒక జపాన్ గొంతులో అసలు వేగంతో పోల్చుకోవడం మాత్రం అదే మొదటిసారి.